మూట ఒకటే, లెక్కలు మూడు

నెల మొదటివారం వచ్చిందంటే పాల లెక్క, పేపరు లెక్క, గ్యాసు లెక్క అన్నీ మనం వేళ్లమీద లెక్కపెట్టుకుంటాం. పాలవాడు ఒక్క పూట రాకపోతే క్యాలెండరు మీద సున్నా చుట్టేదాకా ఊరుకోం. బట్టల లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా ఇళ్లలో ఆ పట్టింపు కనిపించదు. "ఎంతయిందండీ?" అని అడగటం, చెప్పినంతా చేతిలో పెట్టటం, మూట లోపల పెట్టుకోవటం. ఉద్యోగానికి వెళ్లే ఆడవాళ్లున్న ఇంట్లో ఈ ఖర్చు పాల ఖర్చుతో పోటీపడుతున్నా దాన్ని కూర్చుని చూసుకునేవాళ్లు తక్కువే.

ఇదివరకు చూడటానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. వీధి చివర ఇస్త్రీ బండి, బజార్లో ఒక లాండ్రీ, పట్టుచీరలకి ఒక డ్రైక్లీనింగ్ షాపు, అంతే. ఇప్పుడు ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ కిలోల లెక్కన ఉతికిచ్చే షాపులు వచ్చాయి. బియ్యం తూచినట్టు బట్టల మూటని కాటా మీద పెట్టి రసీదు రాసిస్తారు. దాంతో ఒకే మూటకి మూడు రకాల లెక్కలు వచ్చి కూర్చున్నాయి. ఒకటి పీసుకింత, రెండోది కిలోకింత, మూడోది నెలకింత. ఏది చవక అని నన్ను అడిగితే నేను చెప్పే జవాబు, "మూటలో ఏమున్నాయో ముందు చెప్పండి" అని. ఎందుకంటే మూటంతటికీ చవకైన లెక్క అంటూ ఏదీ లేదు. బట్టని బట్టి లెక్క మారుతుంది.

ఈ తేడా ఎందుకొస్తుందో ముందు తెలుసుకుందాం. పీసు రేటు మనిషి చేతిపనికి కట్టిన ధర. చొక్కాకి కాలరు, కఫ్, గుండీల పట్టీ ఉన్నాయి కాబట్టి చిన్న బట్టే అయినా ఇస్త్రీకి టైము పడుతుంది. తువ్వాలు ఎంత బరువున్నా మడతపెట్టి ఇచ్చేయటమే. కిలో రేటు అలా కాదు. అది మిషను ధర. మిషనుకి కాలరూ తెలియదు, జరీ అంచూ తెలియదు. ఎన్ని కిలోలు పడితే అన్ని కిలోలకి నీళ్లు, సబ్బు, కరెంటు ఖర్చవుతాయి. అంచేత తేలిగ్గా ఉండి చేతిపని ఎక్కువున్న బట్ట కిలో లెక్కలో మనకి కలిసొస్తుంది. బరువుగా ఉండి చేతిపని లేని బట్ట పీసు లెక్కలో కలిసొస్తుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే సగం లెక్క అయిపోయినట్టే.

మిగతా సగానికి ఒక్క భాగహారం చాలు. పీసు రేటుని కిలో రేటుతో భాగించండి. వచ్చినది ఆ బట్టకి హద్దు బరువు. మీ బట్ట అంతకంటే తేలికైతే కిలోకి ఇవ్వండి, బరువైతే పీసుకి ఇవ్వండి. లెక్క కోసం కొన్ని రేట్లు అనుకుందాం. మీ వీధి రేట్లు వేరుగా ఉంటే వాటినే ఆ స్థానంలో వేసుకోండి. చొక్కా ఉతికి ఇస్త్రీ చేస్తే పీసుకి 30 రూపాయలు, ఉతుకూ ఇస్త్రీ కలిపి కిలోకి 120 రూపాయలు అనుకుందాం. ముప్ఫైని నూట ఇరవైతో భాగిస్తే పావు కిలో, అంటే 250 గ్రాములు. మగవాళ్లు ఆఫీసుకి వేసుకునే పొట్టిచేతుల పాలీకాటన్ చొక్కా సుమారు 200 గ్రాములుంటుంది. కిలో లెక్కలో దానికి 24 రూపాయలే పడుతుంది. పిల్లల యూనిఫాం చొక్కా ఇంకా తేలిక కాబట్టి దానికి ఇంకా తక్కువ.

అదే జీన్స్ ప్యాంటు సంగతి చూడండి. పీసుకి 35 రూపాయలనుకుంటే హద్దు బరువు 300 గ్రాములు కూడా లేదు. జీన్స్ ఏమో 600 గ్రాములకి తక్కువ తూగదు. అంటే కిలో లెక్కలో 72 రూపాయలు, రెట్టింపు పైమాటే. దళసరి టర్కీ తువ్వాలు, డబుల్ కాట్ దుప్పటి కూడా ఇదే జాతి. ఇవన్నీ కాటా ఎక్కితే షాపువాడికి పండగ. వాటిని పీసు లెక్కన ఉతికేవాళ్లకి ఇవ్వాలి, లేదంటే ఇంట్లోనే ఉతుక్కోవాలి.

నేత చీర ఈ రెంటికీ మధ్యలో నిలబడుతుంది. అర కిలో తూగే నూలు చీరకి పీసు రేటు 60 అయితే, కిలో లెక్కలోనూ 60 రూపాయలే అవుతుంది. కానీ పీసు రేటులో గంజి కలిసి ఉంటుంది, కిలో రేటులో సాధారణంగా ఉండదు. గంజి లేని నేత చీర కట్టుకుని స్కూలుకి వెళ్లిన టీచరమ్మకి మధ్యాహ్నానికల్లా కుచ్చిళ్లు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. కాబట్టి నేత చీరలు పీసుకి, సింథటిక్ చీరలు కిలోకి అని విడదీసుకోవటం మంచిది.

బరువులు ఎలా తెలుస్తాయి అంటారా? వంటింట్లో చిన్న కాటా ఉంటే సరే. లేదంటే కూరగాయల షాపులో రద్దీ లేనప్పుడు ఒక చొక్కా, ఒక ప్యాంటు, ఒక చీర, ఒక తువ్వాలు తూయించుకోండి. ఒక్కసారి తూచి నోటుపుస్తకంలో రాసుకుంటే చాలు, బట్ట బరువు నెలనెలా మారదు.

మారేది ఒక్కటే, తడి. కిలో లెక్కలో మనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. నూలుకి గాలిలో తేమని పీల్చుకునే గుణం ఉంది. ఆరిందనుకున్న నూలుబట్టలో కూడా మామూలు వాతావరణంలో నూటికి ఎనిమిది వంతుల దాకా తేమ ఉంటుంది. పాలిస్టర్‌లో అర వంతు కూడా ఉండదు. ఇక కొల్లేటి గాలి తగిలే మన ప్రాంతంలో వానాకాలం సంగతి వేరే చెప్పాలా? స్నానం చేసిన తువ్వాలు, చెమటతో తడిసిన బనీనూ అలాగే మూటకట్టి పంపిస్తే నీళ్లకి కూడా డబ్బు కట్టినట్టే. ఐదు కిలోల మూటలో ఒక్క కిలో నీళ్లున్నా, ఉతికి మడతపెట్టటానికి కిలో 80 రూపాయల చొప్పున ఆ 80 రూపాయలూ నీళ్లపాలే. బట్టల్ని ఒక పూట దండెం మీద ఆరేసి ఆ తరవాతే మూటకట్టండి. మాసిన బట్ట తడిగా మగ్గితే నల్లటి బూజు మచ్చలు కూడా పడతాయి. అవి ఏ మిషనుకీ పోవు.

కాటా దగ్గర ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. కనీసం ఎన్ని కిలోలు ఇవ్వాలి అన్నది మొదటిది. పై గ్రాములని ఎలా లెక్కేస్తారు అన్నది రెండోది. 4 కిలోల 200 గ్రాముల మూటని 5 కిలోలుగా రాస్తే 80 రూపాయల రేటు కాస్తా మీకు 95 రూపాయలు పడింది. బోర్డు మీది రేటు అదే ఉంటుంది, మీ జేబుకి పడే రేటు వేరే అవుతుంది. రేటులో జీఎస్టీ కలిసి ఉందా, పైన వేస్తారా అన్నది కూడా తూయకముందే అడగాలి. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడటం మన హక్కు. బంగారం కొట్లో చూస్తాం కదా, ఇక్కడ మొహమాటం ఎందుకు?

ఈ కనీసపు బరువు సంగతి గూడెంలో హాస్టల్లో ఉండి నిట్‌లో చదువుకుంటున్న మా పెద్దమ్మ మనవడి మూట చూశాక నాకు ఇంకా బాగా అర్థమైంది. వాడి రెండువారాల మూటలో రెండు జీన్స్, ఎనిమిది టీషర్టులు, నాలుగు నిక్కర్లు, ఒక దుప్పటి, ఒక తువ్వాలు ఉన్నాయి. మొత్తం 4 కిలోల 600 గ్రాములు. కిలో 80 చొప్పున 368 రూపాయలవుతుంది. అన్నీ పీసు లెక్కన, టీషర్టు 25, నిక్కరు 20, జీన్స్ 35, దుప్పటి 40, తువ్వాలు 20 చొప్పున వేస్తే 410. కాబట్టి కిలోయే నయం అనిపిస్తుంది. కానీ జీన్స్, దుప్పటి, తువ్వాలు ఈ బరువుగాళ్లని తీసి పీసుకి ఇస్తే వాటికి 130 రూపాయలు. మిగిలిన టీషర్టులు, నిక్కర్లు 2 కిలోల 200 గ్రాములే కాబట్టి 176. రెండూ కలిపి 306. అంటే 62 రూపాయలు మిగులు.

అయితే ఆ షాపులో కనీసం 3 కిలోలు ఇవ్వాలనే నియమం ఉంటే 176 కాస్తా 240 అవుతుంది, మొత్తం 370 అవుతుంది, మిగులు అంతా ఎగిరిపోతుంది. దీనికి మందు ఒక్కటే, గదిలో ఉన్న ఇద్దరూ తేలిక బట్టలు కలిపి ఒక మూటగా ఇవ్వటం. పక్క పక్క వాటాల్లో ఉండే మనకి కూడా ఇది పనికొచ్చే ఉపాయమే. కలిపేటప్పుడు ఎవరి బట్టకి వాళ్లు రంగుదారంతో ఒక కుట్టు వేసుకుంటే గొడవ ఉండదు.

కుట్టు అంటే గుర్తొచ్చింది. పాతకాలం నుంచీ చాకలి గుర్తు అని ఒకటుంది. నల్లజీడి గింజ రసంతో బట్ట మూల చిన్న చుక్క, గీత పెట్టేవాళ్లు. ఎన్ని ఉతుకులకీ అది పోదు. అది చర్మానికి తగిలితే కొందరికి దురదలు, పొక్కులు వచ్చే మాట నిజమే గానీ, ఏ బట్ట ఎవరిదన్న తగువు రానిచ్చేది కాదు. కిలో షాపులో ఆ భరోసా లేదు. రసీదు మీద "5 కిలోలు" అని మాత్రమే ఉంటే, రేపు ఒక చుడీదార్ చున్నీ రాలేదంటే మీరు ఏం చూపిస్తారు? ఉతికాక మట్టి, తడి పోయి బరువు ఎలాగూ కాస్త తగ్గుతుంది. బరువు సాక్ష్యం చెప్పదు, లెక్క చెబుతుంది. అందుకని కిలోకి ఇచ్చినా రసీదు మీద పీసుల సంఖ్య రాయించుకోవాలి. పొడుగాటి జాబితాని మనం "చాకలిపద్దు" అని వెక్కిరిస్తాం గానీ, ఆ పద్దు రాసిన మన అమ్మమ్మలు తెలివైనవాళ్లే.

డ్రైక్లీనింగ్ మాత్రం పీసు లెక్కలోనే ఉంటుంది, ఉండాలి కూడా. అందులో నీళ్లుండవు. జనం పెట్రోల్ వాష్ అంటారే, అలాంటి ద్రావకంలో బట్టని ఆడిస్తారు. అది నూనె మరకని, జిడ్డుని తీస్తుంది. చెమట, పంచదార పాకం, కూల్‌డ్రింకు మరకలు నీళ్లకి కరిగేవి కాబట్టి వాటిని విడిగా చూసి తీయాలి. పెళ్లిలో చీరమీద పాయసం పడిందా, వడ నూనె పడిందా అన్నది షాపులో చెప్పి ఇవ్వటం అందుకే అవసరం. డ్రైక్లీనింగ్ డబ్బు తీసుకుని నీళ్లలో ముంచేశారేమో అని అనుమానం వస్తే చీర అడుగున ఫాల్ చూడండి. నీళ్లు తగిలిన నూలు ఫాల్ కుంచించుకుపోయి అంచు ముడతలు పడుతుంది. ద్రావకంలో అలా కాదు. గంజి పెట్టిన నేత చీర ఇస్తే గంజి అలాగే తిరిగి రావాలి, ద్రావకం గంజిని కరిగించదు. గంజి పోయి మెత్తగా వచ్చిందంటే నీళ్లు తగిలాయని అర్థం. అప్పుడు ఉతుకు రేటే ఇస్తానని అడగవచ్చు.

ఇక మూడో లెక్కకి వద్దాం. ఇంట్లో వాషింగ్ మిషను ఉన్నవాళ్లకి అసలు ఖర్చు ఉతుకుది కాదు, ఇస్త్రీది. నెలవారీ ఇస్త్రీ మనకి కొత్తదేమీ కాదు. ఊళ్లలో చాకలివాళ్లకి బట్టకింత అని ఇచ్చే పద్ధతి ఒకప్పుడు లేనేలేదు. రోజూ ఇంత అన్నం, పంట కళ్లంలో ఏడాదికి ఇంత మేర అని ఇంటి లెక్కన ఇచ్చేవాళ్లు. బట్టలు పదైనా వందైనా అదే మేర. ఆ కట్టుబాటులో పెద్ద రైతుకి లాభం, ఉతికేవాళ్లకి చాకిరీ. ఇప్పటి నెలవారీ ఒప్పందం ఆ పాత మేరలా తయారవకూడదన్నది నా మొదటి మాట. రెండువైపులా లెక్క తెలిసి చేసుకుంటేనే అది నిలుస్తుంది.

ఒక ఇల్లు తీసుకుందాం. ఏలూరు పవర్‌పేటలో ఇద్దరూ ఉద్యోగస్తులు, ఇద్దరు బడిపిల్లలు అనుకోండి. వారానికి ఆయనవి ఆరు చొక్కాలు, మూడు ప్యాంట్లు. పిల్లలిద్దరివీ కలిపి పన్నెండు చొక్కాలు, ఆరు నిక్కర్లో స్కర్టులో. ఆవిడవి రెండు చుడీదార్ టాపులు, మూడు నేత చీరలు. ఇస్త్రీకి చిన్న పీసు 10 రూపాయలు, చీర రెండు పీసుల కింద 20 రూపాయలు అనుకుంటే వారానికి 35 పీసులవుతాయి. నెలకి నాలుగు వారాల లెక్కన 140 పీసులు, 1400 రూపాయలు. ఇస్త్రీ ఆయన నెలకి 1200 అన్నాడనుకోండి. 1200ని పదితో భాగిస్తే 120. నెలకి 120 పీసులు దాటితే నెలవారీ చవక, దాటకపోతే పీసు చవక. హద్దు సంఖ్య అంటే ఇదే. ఈ ఇంటికి నెలకి 200 మిగిలినట్టు కనిపిస్తుంది.

కనిపిస్తుంది అన్నాను, ఎందుకంటే ఏడాదంతా బడి ఉండదు. పిల్లల బట్టలే వారానికి 18 పీసులు. దసరా సెలవుల నెలలో, సంక్రాంతి నెలలో వారంన్నర పోతే 140 కాస్తా 113కి దిగుతుంది. బడి తెరిచే జూన్ కూడా అంతే. ఏప్రిల్లో ఆఖరివారం పోయి 122 దగ్గర ఆగుతుంది. మే నెలలో పిల్లల బట్టలు పూర్తిగా పోయి 68 పీసులే మిగులుతాయి. పీసు లెక్కన 680 రూపాయలయ్యే పనికి 1200 ఇచ్చినట్టు. ఏడాది మొత్తం మీద చూస్తే నిండా బడి ఉన్న ఏడు నెలల్లో 1400 మిగులుతుంది, ఏప్రిల్లో 20 మిగులుతుంది. సెలవులు తగిలిన మూడు నెలల్లో 210 పోతుంది, మే ఒక్కదానిలో 520 పోతుంది. చివరికి చేతిలో మిగిలేది 690 రూపాయలు. మే నెల ఒక్కటి ఒప్పందంలోంచి తీసేస్తే మిగులు 1210 అవుతుంది. అంటే లాభమంతా ఆ ఒక్క నెల ఒప్పందం మీద ఆధారపడి ఉంది.

ఇక్కడే ఆగి అవతలివైపు కూడా చూడాలి. వేసవిలో అన్ని ఇళ్లూ ఒక్కసారే మానేస్తే ఇస్త్రీ బండి నడిచేదెలా? నేను మాట్లాడిన ఒక ఇస్త్రీ ఆవిడ చెప్పిన మాట నాకు నచ్చింది. "నెల లెక్క అంటే మాకూ ధైర్యమేనండి. పీసు లెక్కలో ఓ నెల రెండువేల పీసులు, ఇంకో నెల వెయ్యి కూడా రావండి. బొగ్గుల ఖర్చు మాత్రం రోజూ ఉంటదండి ఆయ్" అంది. చీర ఒక్కటైనా పెట్టె కాలాలి కదా మరి. అందుకని మే నెలకి పూర్తిగా మానెయ్యకుండా సగం, అంటే 600 అని ముందే ఒప్పుకుంటే రెండువైపులా బాగుంటుంది. పీసు లెక్కన అయ్యే 680 కంటే మనకి 80 తక్కువ, ఆవిడకి వేసవిలో కూడా ఖాయంగా వచ్చే డబ్బు. బేరం అంటే అవతలివాళ్ల పొట్ట కొట్టటం కాదు, ఇద్దరికీ తెలియని ఖర్చుని ఇద్దరూ కలిసి తీసేయటం.

నెలవారీలో తగువులు వచ్చేవి మూడు చోట్ల. మొదటిది, లెక్కలో ఏవి ఉన్నాయన్నది. చీర ఎన్ని పీసుల కింద, గంజి చీరకి పైన ఎంత, దుప్పట్లు ఉన్నాయా లేవా అని మొదటిరోజే చెప్పుకోవాలి. "ఎన్నయినా వెయ్యండమ్మా" అన్న ఒప్పందం మొదట్లో మనకి లాభంగా కనిపిస్తుంది. రెండో నెలకి చొక్కా ముందువైపు మాత్రమే పెట్టె తగిలి వస్తుంది, వీపంతా ముడతలే. ఇంత డబ్బుకి ఇన్ని పీసులు అని హద్దు పెట్టి, దాటినవాటికి పీసు రేటు ఇవ్వటమే పనికి మర్యాద. రెండోది నాగాలు. వారం రాకపోతే ఆ వారం బట్టలు 35 పోయి నెలకి 105 పీసులే అవుతాయి, హద్దు కంటే 15 తక్కువ, అంటే 150 రూపాయలు. మూడుసార్లకి మించి రాకపోతే ఇంత తగ్గించాలి అని మాట ఉండాలి. మనం ఊరెళ్లి బట్టలు వెయ్యకపోతే తగ్గించమనకూడదు, ఆ వారం ఆయన మన కోసం వచ్చి తిరిగి వెళ్లినట్టే. మూడోది కాలిన బట్ట. సింథటిక్ మీద నిప్పుల పెట్టె నేరుగా పెడితే ముడుచుకుపోతుంది, ముదురురంగు ప్యాంటు మీద పెడితే నిగనిగలాడే మచ్చ పడుతుంది. పైన తడి నూలుగుడ్డ వేసి చేయమని చెప్పి ఇవ్వాలి. అలాంటివాటిని విడిగా కట్టి ఇస్తే ఇంకా మంచిది.

లంకల్లో ఉండేవాళ్లకి ఈ లెక్కలన్నీ మరో రకంగా ఉంటాయి. కొల్లేటి లంక గ్రామంలో టీచరుగా పనిచేస్తున్న నా స్నేహితురాలి ఊళ్లో లాండ్రీ లేదు. ఇస్త్రీ ఆయన వారానికోసారి మోపెడ్ మీద వస్తాడు. అక్కడ నెలకింత అన్న ఒప్పందం నిలవదు, ఎందుకంటే దారి ఆయన చేతిలో లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటికి చేరి లంకల దారులు మునిగినప్పుడు ఎవరు ఎక్కడికి వెళ్లగలిగారు? అలాంటి చోట్ల రాకకింత అని మాట్లాడుకోవాలి. వచ్చిన రోజుకి ఇన్ని పీసులు తప్పకుండా వేస్తాను, ఇంత ఇస్తాను అంటే ఆయన పెట్రోలుకీ భరోసా, మనకీ వానాకాలంలో రాని వారాలకి కట్టే బాధ లేదు.

పట్టుచీరలు ఏలూరు తెచ్చి ఇవ్వాలంటే దారిఖర్చు కూడా చీర ధరలో కలుస్తుంది. రానుపోను 60 రూపాయలైతే రెండు చీరలు తెచ్చినప్పుడు చీరకి 30, ఆరు తెచ్చినప్పుడు చీరకి 10. అలాగని నెలల తరబడి పోగుచేయకూడదు. చెమట ఉప్పు పట్టుని తినేస్తుంది, జరీని నల్లబరుస్తుంది. కట్టిన చీరని నీడలో ఆరేసి, పాత నూలుగుడ్డలో చుట్టి, రెండు మూడు వారాల్లో చుట్టుపక్కల వాళ్లవి కూడా కలిపి పంపటం ఉత్తమం. అలా పంపేటప్పుడు ఎవరి చీరకి వాళ్ల పేరు చీటీ కుట్టటం మరచిపోవద్దు.

ఇదంతా చూసి నా స్నేహితురాలు ఒకావిడ, "నాలుగు రూపాయల కోసం ఇంత తూకమా?" అంది. నాలుగు రూపాయలు కాదు. పై ఇంట్లోనే మే నెల సర్దుబాటు ఒక్కదానితో ఏడాదికి ఐదారువందలు మిగులుతున్నాయి. తడిమూటలు, పై గ్రాములు, కాటా ఎక్కిన జీన్స్ కలిపితే ఇంకా పైమాటే. అంతకంటే ముఖ్యం, లెక్క తెలియనప్పుడు మనం చేసేది ఏమిటి? మొత్తం చూసి గుండె గుభేలుమని, ఇస్త్రీ ఆవిడ దగ్గర పీసుకి రూపాయి తగ్గించమని పేచీ పెట్టుకుంటాం. లేదంటే "ఇంట్లోనే చేసుకుంటాలే" అని రాత్రి పదింటికి మనమే పెట్టె పట్టుకుంటాం. మన ఇంట్లో లెక్కకి రాని శ్రమ ఎవరిదో చెప్పక్కర్లేదు కదా. వారానికి 35 పీసులంటే పీసుకి నాలుగు నిమిషాలు వేసుకున్నా రెండుగంటల ఇరవై నిమిషాలు. ఆ పని బయటికి ఇవ్వటం విలాసం కాదు, ఎలా ఇవ్వాలో తెలుసుకోవటమే మన పని.

ఈ ఆదివారం మూటకట్టే ముందు బట్టల్ని మూడు కుప్పలు చేయండి. జీన్స్, తువ్వాళ్లు, దుప్పట్లు, గంజి చీరలు ఒక పక్క, అవి పీసుకి. చొక్కాలు, టీషర్టులు, సింథటిక్‌లు ఒక పక్క, బాగా ఆరాక అవి కిలోకి. ఇంట్లో ఉతికి ఇస్త్రీకి మాత్రమే వేసేవి ఒక పక్క. ఆ మూడో కుప్పని నాలుగు వారాలు వరసగా లెక్కపెట్టి రాసుకోండి. నెలవారీకి మాట్లాడుకునే ముందు మీ చేతిలో ఉండాల్సింది ఆ సంఖ్యే.